నివాసం అనే గడి

నాకు కుదురు లేదని మా అమ్మ దగ్గర్నుంచి మా ఆయన దాకా అందరూ అన్నవాళ్లే. నిజమే, లేదు. ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్‌లో, ఆయన ఆఫీసుకీ పిల్ల స్కూలుకీ వెళ్లిపోయాక, సోఫాలో కూర్చోవడం, లేవడం, కిటికీ దాకా వెళ్లి పార్కింగ్ లాట్‌లో కార్లు చూసి రావడం, మళ్లీ కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, రష్యన్. పెళ్లికి ముందు ఆరేళ్లపాటు ఒక ఉక్కు ఫ్యాక్టరీలో సోవియట్ ఇంజినీర్లకు దుబాసీగా పనిచేశాను. అమెరికాలో ఆ సంగతి పైకి అంటే మా ఆయనకు హడలు. శనివారం ఎవరింట్లోనైనా భోజనాలప్పుడు "అక్కా, మీరు ఇండియాలో ఏం చేసేవారు?" అని ఎవరైనా అడిగితే, నేను నోరు తెరిచేలోపలే ఆయన "ట్రాన్స్‌లేషన్" అని అందుకునేవారు. ఏ భాషో చెప్పేవారు కాదు.

అలాంటి సమయంలో లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. సోవియట్ యూనియన్ నుంచి వస్తున్న శరణార్థి కుటుంబాలకు సాయం చేయడానికి రష్యన్ తెలిసినవాళ్లు కావాలని. జీతం లేదు. ఆయన్ని అడగకుండానే ఫోన్ చేశాను.

ఆ సంస్థ ఒక ప్రార్థనా మందిరం కింద బేస్‌మెంట్‌లో ఉండేది. రెండు టైప్‌రైటర్లు, ఒక కాఫీ కుండ, దానంగా వచ్చిన చలికోట్ల గుట్ట. వచ్చేవాళ్లు ఎక్కువగా యూదులు, వియన్నా మీదుగా రోమ్ చేరి అక్కడ నెలల తరబడి పడిగాపులు పడి ఇక్కడికి వచ్చినవాళ్లు. శరణార్థిగా అడుగుపెట్టి ఏడాది గడిచాక వాళ్లు గ్రీన్‌కార్డుకి అప్లై చేసుకోవాలి. ఆ ఫారాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇంగ్లీషులోనే నింపాలి. అందుకని సంస్థ ఒక పద్ధతి పెట్టుకుంది. ఫారంలో ఉన్న ప్రతి గడికీ ఒక నంబరు, దాని పక్కన రష్యన్‌లో ఆ గడి పేరు, కింద ఖాళీ. ఇలా ఒక రష్యన్ పత్రం తయారుచేసి ఇంటికి ఇచ్చేవాళ్లు. కుటుంబం దాన్ని తీరిగ్గా రష్యన్‌లో నింపి తెచ్చేది. మేం దాన్ని చూసి అసలు ఫారం మీద ఇంగ్లీషులో టైపు కొడితే వాళ్లు సంతకం పెట్టేవాళ్లు.

నేను చేరేనాటికి ఆ పత్రాన్ని రాసింది ఒక పెద్దావిడ. డెబ్బై దాటిన మనిషి. రష్యన్ విప్లవం తర్వాత చిన్నతనంలోనే ఇంటివాళ్లతో పారిపోయి వచ్చింది. ముత్యాల దండ లేకుండా ఎప్పుడూ చూడలేదు నేను. ఆవిడ రష్యన్ అంతా వాళ్ల నాన్నగారి రష్యన్. పౌరసత్వం అనే గడికి ఆవిడ "పద్దాన్‌స్త్వో" అని రాసింది. ఏ రాజుకి ప్రజలు మీరు, అన్నట్టు. కొత్తగా వచ్చినవాళ్లు అది చదివి నవ్వుకునేవాళ్లు. ఒకాయన ఆ ఖాళీలో జార్ చక్రవర్తి పేరు రాసి తెచ్చాడు కూడా. సంస్థ నడిపే డైరెక్టరు, రిటైరైన స్కూలు టీచరు, తల పట్టుకుని నా దగ్గరకి వచ్చింది.

"నువ్వు సోవియట్ కాగితాలతో పనిచేశావు కదా. వాళ్ల ఆఫీసుల్లో వాడే అసలు మాటలు పెట్టి ఇది మళ్లీ రాసిస్తావా?"

రాసివ్వనా! ఆరేళ్లు నేను చేసింది అదే. ఫ్యాక్టరీలో మా పెద్ద దుబాసీ మాకు ఒకటే మంత్రం నూరిపోశాడు. సర్కారు కాగితంలో మాటకి సర్కారు మాటే పెట్టాలి, సొంత కవిత్వం వద్దు, అని. సోవియట్ ఇంజినీర్ల వీసా కాగితాలూ క్వార్టర్ల కాగితాలూ వందల కొద్దీ చేశాను. ఆ మాటలు నా నాలిక చివర ఉండేవి. గ్రీన్‌కార్డుకి "వీద్ నా జీతెల్‌స్త్వో", వాళ్ల దేశంలో పరాయి పౌరుడికి ఇచ్చే నివాసపు అనుమతికి ఉన్న పేరు. పౌరసత్వానికి "గ్రజ్దాన్‌స్త్వో". ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు నుంచి వచ్చే మధ్యపేరు, పెళ్లికి ముందరి ఇంటిపేరు, పుట్టిన ఊరు, వృత్తి, అన్నీ వాళ్ల పాస్‌పోర్టులో ఉన్నట్టే దించాను. ఫారంలో పౌరసత్వం పక్కనే జాతీయత అనే మాట కూడా ఉంది. దాన్ని అలాగే రష్యన్‌లోకి తెస్తే వాళ్లు దేశం రాయరు, తమ పాస్‌పోర్టులో అయిదో గడిలో ఉన్నట్టు యూదు, ఉక్రేనియన్ అని రాస్తారు. అది నాకు తెలుసు. అందుకే ఆ మాట తీసేసి పౌరసత్వం ఒక్కటే ఉంచాను. ఆ గొయ్యి దాటినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

తర్వాత గడి, గత అయిదేళ్లలో మీరు నివసించిన చిరునామాలు. ఇప్పటిది మొదట, పాతవి తర్వాత. దీనికి నేను రాసింది "ప్రపీస్కా చిరునామా" అని. ప్రపీస్కా అంటే మిలీషియా, అంటే అక్కడి పోలీసులు, పాస్‌పోర్టు మీద కొట్టే ముద్ర. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉండటానికి నమోదయ్యాడు అని. సోవియట్ దేశంలో ఏ దరఖాస్తులోనైనా చిరునామా అంటే అదే. మా ఇంజినీర్ల కాగితాలన్నిటిలోనూ అదే ఉండేది. సర్కారు మాటకి సర్కారు మాట. క్షణం కూడా ఆలోచించలేదు.

కొత్త పత్రం చూసి కుటుంబాలు సంబరపడ్డాయి. "ఎవరో మనవాళ్లే రాశారు" అన్నాడు ఒకాయన. చీర కట్టుకున్న నన్ను చూపిస్తే నమ్మలేదు. ముత్యాల పెద్దావిడ మాత్రం పత్రం పైనుంచి కింది దాకా చదివి, "పోలీస్‌స్టేషన్ వాసన వస్తోంది" అని నా చేతిలో పెట్టేసింది. కుళ్లుబోతు ముసలమ్మ, అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను కూడా.

అలా ఇరవై పైచిలుకు కుటుంబాల ఫారాలు వెళ్లాయి. వాటిలో ఒక జంట ఉంది. భర్త కట్టుడు పళ్ల సెట్లు చేసే పనివాడు, యూదు. భార్య ఉక్రేనియన్, మా ఊళ్లోనే డ్రై క్లీనింగ్ షాపులో బట్టలు సరిచేసి కుట్టేది. పిల్లల్లేరు. ఆవిడ నా జాకెట్టు ఒకటి చూసి, చంక దగ్గర కుట్టు ఎలా వేశారో తిరగేసి మరీ పరీక్షించింది. నాకు ఆవిడంటే మొదటి రోజే ఇష్టం కలిగింది.

వాళ్ల ఫారాలు టైపు చేసింది నేనే. భర్త పాత చిరునామా ఒక వీధి, భార్యది ఇంకో వీధి. ఒకే ఊళ్లో. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, రెండు వేర్వేరు వీధుల పేర్లు నా ఈ చేతులతోనే కొట్టాను. ఒక్కసారి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. వాళ్ల దేశంలో ఇళ్ల కరువు కదా, ఏ తిప్పలు పడ్డారో ఏమో, అడిగితే ఏం బాగుంటుంది, అనుకుని పేజీ తిప్పేశాను.

కొన్ని నెలలకి ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఆ జంటని ఇంటర్వ్యూకి రమ్మని. దుబాసీగా నన్ను తీసుకెళ్లారు. కుడిచెయ్యి ఎత్తి, చెప్పింది చెప్పినట్టు అనువదిస్తానని ప్రమాణం చేశాను. ఆఫీసరు నడివయసు మనిషి, మాట మెత్తన. భార్యని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. భర్త బయట కూర్చున్నాడు. ఆఫీసరు రెండు కాగితాలు బల్ల మీద పరిచాడు.

"ఇది రోమ్‌లో మీరు ఇచ్చిన సమాచారం. పెళ్లయి తొమ్మిదేళ్లు, మొదటినుంచీ మీ భర్త తల్లిదండ్రుల ఫ్లాట్‌లో కాపురం అని ఉంది. ఇది ఇక్కడ మీరు సంతకం పెట్టిన ఫారం. ఇందులో దేశం వదిలే రోజు దాకా మీరు వేరే వీధిలో, వేరే ఇంట్లో ఉన్నారు. ఏది నిజం?"

ఆ ప్రశ్న రష్యన్‌లో నా నోటినుంచి వెళుతూ ఉండగానే అందులో ఉన్న ప్రమాదం నాకు అర్థమైంది. ఆవిడ శరణార్థి హోదా భర్త వల్ల వచ్చింది. ఆవిడ సొంతంగా యూదు కాదు. ఆ దేశం వదిలి రావడానికి ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారని ఆ ఆఫీసుకి తెలుసు. పెళ్లి బూటకం అనుకున్నారంటే ఆవిడకి కార్డూ లేదు, ఈ దేశంలో కాలు మోపే ఆధారమూ లేదు. వదిలొచ్చిన దేశం ఆవిడ పౌరసత్వం ముందే లాగేసుకుంది. ఇంక ఎక్కడికి పోతుంది మనిషి?

నా తప్పు నా కళ్లముందు బల్ల మీద పడి ఉంది. నేను ఎక్కడ నివసించారని అడగలేదు. ఎక్కడ నమోదయ్యారని అడిగాను. ఆవిడ దానికి సరైన జవాబే రాసింది.

"సర్, ఇది నా పొరపాటు, నేను రాసిన పత్రంలో..." అని ఇంగ్లీషులో అనేశాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మేడమ్, మీరు ఇక్కడ దుబాసీయా, సాక్షా? రెండూ ఒకేసారి కుదరదు. ఆవిడ్ని జవాబు చెప్పనివ్వండి."

ఆవిడ వైపు తిరిగాను. చెప్పమ్మా, నిజం చెప్పు, ఒక్క ముక్కతో తేలిపోతుంది అని నా మనసు కొట్టుకుంటోంది. ఆవిడ నా కళ్లలోకి కాదు, ఆఫీసరు పెన్ను వైపు చూసింది.

"ఫారంలో రాసినదే నిజం" అంది.

అనువదించాను. ప్రమాణం చేసిన నోరు కదా, అనువదించక ఏం చేస్తాను? ఆయన రాసుకున్నాడు. రాతపూర్వకంగా ఏమైనా చెప్పుకోవాలంటే నాలుగు వారాలు గడువు, ఆ తర్వాత మళ్లీ పిలుస్తాను అన్నాడు.

కారు ఎక్కేదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు మతిపోయిందా? తొమ్మిదేళ్లు మొగుడితో కాపురం చేసి, చేయలేదని ఎందుకు చెప్పారు?" అని హైవే మీద అరుస్తూనే ఉన్నాను. దిగాల్సిన ఎగ్జిట్ కూడా దాటేశాను.

వాళ్ల వంటింట్లో టీ పోశాక భర్త చెప్పాడు. ఆవిడ తల్లి ఒక ఉమ్మడి ఫ్లాట్‌లో, అయిదు కుటుంబాలకి ఒక వంటగది ఉన్న చోట, ఒక్క గదిలో ఉంటుంది. గది సర్కారుది. ఆ గదిలో తల్లి ఒక్కతే నమోదై ఉంటే, ఆవిడ పోయిన మర్నాడు గది చేజారుతుంది. కూతురు పేరు కూడా ఉంటే కూతురికి నిలుస్తుంది. అందుకని పెళ్లయ్యాక కూడా ప్రపీస్కా తల్లి దగ్గరే ఉంచి, కాపురం అత్తగారింట్లో చేసింది. వాళ్ల వీధిలో సగం మంది అలాగే చేశారట. కానీ ఒకచోట నమోదై ఇంకోచోట ఉండటం నేరం. తల్లేమో, కూతురు నాతోనే ఉంటోందని నమోదులు చూసే ఇంటి కమిటీకి ఏటా సంతకం పెట్టి ఇచ్చింది.

"రోమ్‌లో మరి నిజం చెప్పారు కదా?" అన్నాను.

"రోమ్‌లో నేను చెప్పాను. ఇద్దరి తరఫునా నేనే మాట్లాడాను. అక్కడ ఎవరూ ప్రపీస్కా అని అడగలేదు, ఎక్కడ ఉండేవారని అడిగారు" అన్నాడు భర్త.

ఆవిడ అప్పటిదాకా టీ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "మీ పత్రంలో ఆ మాట చూడగానే అర్థమైంది నాకు. ఇక్కడా అదే అడుగుతున్నారు. అంటే ఇక్కడా ఆ నమోదులే చూస్తారు. నేను ఆ గదిలో లేనని ఒక ఆఫీసరు చేతికి రాసిచ్చి సంతకం పెడితే, అది ఎక్కడికైనా వెళుతుంది. మా అమ్మ ఇంకా ఆ గదిలోనే ఉంది. ఆవిడ సంతకాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. నేను చెప్పను."

"ఈ దేశం కాగితాలు ఆ దేశానికి వెళ్లవండీ!"

"మీకేం తెలుసు?" అంది. నిజంగానే అడిగింది.

ఆ నాలుగు వారాలూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పప్పు మాడ్చాను, పిల్లని డాన్స్ క్లాసులో దింపి తీసుకురావడం మర్చిపోయాను. బేస్‌మెంట్‌లో కూర్చుని, పంపిన ఫారాల నకళ్లన్నీ ఒక్కొక్కటీ తీసి చూశాను. ఇంకో రెండు కుటుంబాలకి అదే తేడా ఉంది. వాళ్లకి ఇంకా పిలుపు రాలేదు. పిలిచి అడిగి, సరిచేసిన కాగితాలు పంపాం. పత్రంలో ఆ గడి చెరిపేసి, "మీరు నిజంగా ఉండి, తిని, పడుకున్న ఇల్లు. ప్రపీస్కాతో సంబంధం లేదు" అని రాశాను. సర్కారు మాట కాదది. ఏం చేయను, ఆ గడి అడిగేది అదే. సరైన మాట పెట్టడమంటే వాళ్ల దరఖాస్తులో ఉన్న మాట తెచ్చి ఇక్కడ అతికించడం కాదని, ఇక్కడి ఆఫీసరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో అది అడగడమని ఆరేళ్లు పనిచేసిన నాకు అప్పటిదాకా తట్టలేదు. సిగ్గేసింది.

కొత్త పత్రాన్ని ముత్యాల పెద్దావిడకి చూపించాను. ఇంక దెప్పుతుంది కాబోలనుకున్నాను. ఆవిడ దెప్పలేదు. "ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది" అని, ఒక్కచోట కామా మాత్రం దిద్దింది.

మిగిలింది నా వాంగ్మూలం. తప్పు నాదేనని, పత్రంలో నేను అడిగిందేమిటో, ఆ మాటకి అర్థమేమిటో, ఆ దేశంలో నమోదు ఒకచోట కాపురం ఒకచోట ఎందుకు ఉంటాయో రాసి, నోటరీ ముందు సంతకం పెట్టాలి. డైరెక్టరు చదివి, "ఈ భాష నీకు ఇంత నిక్కచ్చిగా ఎలా తెలుసో కూడా రాయాలి, లేకపోతే ఎవరు నమ్ముతారు?" అంది. అక్కడే వచ్చింది చిక్కు. అప్పటికే మేం సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాం. ఆ ఫారంలో కమ్యూనిస్టు పార్టీతో సంబంధం ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. నాకు లేదు. కానీ సోవియట్ వాళ్లతో ఆరేళ్లు పనిచేశానని అదే ఇమిగ్రేషన్ ఆఫీసుకి నా చేత్తో రాసివ్వాలి.

మా ఆయన చపాతీ తింటూ తింటూ ఆగిపోయారు. "ఏమే, నీకేమైనా పిచ్చా? మన ఫైలు కూడా అక్కడే ప్రాసెస్ అవుతోంది. రీగన్ వచ్చాక రష్యా అంటేనే వీళ్లకి మండిపోతోంది. ఎవరో కుట్టుపనావిడ కోసం మనం రిస్క్ తీసుకోవాలా?"

"ఎవరో కాదండీ, నేను ముంచిన మనిషి."

"నువ్వు కావాలని చేశావా?"

"కావాలని చేస్తే ఇంత బాధ ఉండేది కాదు."

"లాయర్‌ని కనుక్కుందాం, ఒక నెల ఆగు."

"నెల లేదండీ, పది రోజులుంది."

ఆయన చపాతీ వదిలేసి లేచారు. నాకు కోపం రాలేదు, ఆయన భయం నాలోనూ ఉంది. ఆ రోజంతా ఫ్యాక్టరీ అనే ఒక్క మాట దగ్గరే పెన్ను ఆగిపోయింది. "విద్యాభ్యాసం ద్వారా" అని రాద్దామా అనుకున్నాను. అబద్ధం కాదు, కాలేజీలో కూడా చదివాను. అలా రాసి చూసుకున్నాను కూడా. చూసుకుంటే, నేనూ ఆవిడలాగే పెన్ను వైపు చూస్తూ కూర్చున్నానని తెలిసింది. కాగితం చింపేసి మొత్తం రాశాను. ఫ్యాక్టరీ, ఆరేళ్లు, సోవియట్ ఇంజినీర్లు, అంతా. మర్నాడు బ్యాంకులో నోటరీ ముద్ర వేయించే వేళకి మా ఆయన ఆఫీసు మానేసి వచ్చి పక్కన నిలబడ్డారు. పార్కింగ్ టికెట్ మీద బ్యాంకు ముద్ర కొట్టించుకుని వెళ్లిపోయారు.

ఆ కాగితం తీసుకెళ్లి కుట్టుపనావిడ ముందు పెట్టి, రష్యన్‌లో చదివి వినిపించాను. విన్నాక తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. నా పేరు దగ్గర ఆగింది.

"ఇది మీ అసలు పేరేనా?"

"అవును."

"తప్పు మీదని రాశారా? ఆఫీసుకి? పేరు పెట్టి?"

"నాదే కాబట్టి రాశాను."

"మీ ఆయన ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు" అన్నాను.

ఆవిడకి మొదటిసారి నవ్వొచ్చింది. నేను తెచ్చిన కొత్త ఫారం మీద మాత్రం ఆ రోజు సంతకం పెట్టలేదు. రెండు రోజుల తర్వాత డ్రై క్లీనింగ్ షాపుకి వెళితే, మిషను ముందునుంచి లేవకుండానే సంచిలోంచి తీసి ఇచ్చింది. నివాసం గడిలో అత్తగారింటి వీధి, ఇంటి నంబరు, ఫ్లాటు నంబరు. సంతకం కింద కాగితం కొంచెం చిరిగి ఉంది, అంత గట్టిగా నొక్కి పెట్టింది.

రెండో ఇంటర్వ్యూకి నేను సాక్షిని. సాక్షి దుబాసీగా ఉండకూడదు. సంస్థలో రష్యన్ తెలిసినది ఇంకెవరు? ముత్యాల పెద్దావిడే. ఆవిడ జార్ కాలపు మాటలతో ఏం చెబుతుందో, ఏం పొరపడుతుందో అని ముందురోజు గంటసేపు ఆవిడ చెవిలో పోరు పెట్టాను. ఆవిడ విసుక్కోకుండా ఒక చీటీ మీద అన్నీ రాసుకుంది.

ముందు నన్ను పిలిచారు. నా వాంగ్మూలం ఆఫీసరు ముందుంది. పాత పత్రం నా చేతికిచ్చి, ఆ గడిని ఇంగ్లీషులోకి మళ్లీ చెప్పమన్నాడు.

"మీరు పోలీసుల దగ్గర నమోదైన చిరునామా."

"మా ఫారం అడిగేది అదేనా?"

"కాదు."

"అలా అడగమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసనుకున్నాను."

ఫ్యాక్టరీ గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. ఏ సంవత్సరాలు, ఏం పని, అంతే. వెళ్లవచ్చు అన్నాడు. తర్వాత భర్తని పిలిచి పావుగంటలో పంపించాడు. తర్వాత భార్యని.

వరండాలో బెంచీ మీద నేనూ భర్తా. నేను లేచాను, కూర్చున్నాను, నీళ్లు తాగాను, తాగినచోటే మళ్లీ తాగాను. లోపల ఆవిడ మళ్లీ ఆ పెన్ను చూసి భయపడితే? ఫారం మీద పెట్టిన సంతకం వేరు, ఎదురుగా కూర్చున్న మనిషికి నోటితో చెప్పడం వేరు. భర్త తన టోపీని మడతపెట్టి విప్పి మడతపెట్టి విప్పి దాన్ని చంపేశాడు. గోడమీద గడియారం చూడకూడదని ఒట్టు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను.

తలుపు తెరుచుకుంది. ముందు పెద్దావిడ వచ్చింది. "ఆమోదించారు. కార్డులు పోస్టులో వస్తాయట" అంది. భర్త లేచి గబగబా ఎదురువెళ్లాడు. వెనకే వచ్చిన భార్య అతన్ని పట్టించుకోలేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

"చెప్పాను" అంది. "తొమ్మిదేళ్లు ఆ గదిలో లేనని చెప్పాను. అమ్మ సంతకాల సంగతి కూడా చెప్పాను. అడగకుండానే చెప్పాను."

"మంచిపని చేశారు."

"అతను రాసుకున్నాడు."

"అవును, రాసుకుంటాడు."

"తర్వాత ఏమవుతుంది?"

"ఏమీ కాదండీ. ఫైల్లో పెడతాడు. అంతే."

ఆవిడ మూసిన తలుపు వైపు చూసింది. బెంచీ మీద కూర్చుంది. భర్త పదమన్నాడు, నేను పదమన్నాను. "కాసేపు కూర్చుందాం. వెనక్కి పిలుస్తారేమో. మనం వెళ్లిపోతే బాగుండదు" అంది. బతిమాలినా లేవలేదు. చేసేది లేక నేను ఒక పక్క, భర్త ఒక పక్క కూర్చున్నాం. పెద్దావిడ ఎదురుగా కుర్చీ లాక్కుంది. అలా నలుగురం తలుపు చూస్తూ ఉన్నాం. నాకు కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఎవరైనా నా పేరు పెట్టి పిలుస్తారేమోనని ఒళ్లంతా చెవులైంది.

మధ్యాహ్నం అయింది. ఆఫీసరు కోటు వేసుకుని, చేతిలో లంచ్ ప్యాకెట్‌తో బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేమిటి? అయిపోయింది కదా, ఇంటికి వెళ్లండి" అని బయటి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

పెద్దావిడ అనువదించడానికి నోరు తెరిచింది. అవసరం లేకపోయింది. కుట్టుపనావిడ అప్పటికే చేతుల్లో మొహం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.